పెండేకల్లు దాటిందా?

మా ఊరు రైల్వే బోర్డు మీద డోన్. మా అవ్వకు మాత్రం ఇప్పటికీ ద్రోణాచలమే. అక్కడి నుంచి రోజూ రైల్లో కర్నూలుకు ఉద్యోగానికి పోతాను.

మొన్న మంగళవారం లేవగానే ఫోన్లో రైలు ఎక్కడుందో చూపే NTES తెరిచి చూశాను. మా రైలు రద్దు అని లేదు కానీ ఇంకా గుంతకల్లు నుంచి కదల్లేదు. స్టేషన్‌కు పోయేసరికి మా గుంపులోని పెద్దాయన ఎదురొచ్చి, "ఏం పాపా, పెండేకల్లు దాటిందా?" అన్నాడు. మా లెక్కంతా ఆ స్టేషన్ మీదే. గుంతకల్లు నుంచి వచ్చినా, గుత్తి నుంచి వచ్చినా బండి పెండేకల్లు మీదుగానే డోన్‌కు రావాలి. మా దగ్గర బయలుదేరాల్సిన టైముకు అదైనా దాటలేదంటే ఇక ఎదురుచూడం. కర్నూలు దాకా ఒంటి లైను. టైము తప్పిన బండిని ఎదురొచ్చే బండి క్రాసింగు కోసం వెల్దుర్తిలోనో ఇంకోచోటో ఆపేస్తే, ముప్పావు గంట ఆలస్యం దిగేసరికి గంటన్నర అవుతుంది. రెండుసార్లు సగం రోజు జీతం పోయాక గానీ నాకిది తలకెక్కలేదు.

"పా, బస్సుకు పోదాం" అన్నాడాయన. అనంతపురం వైపు నుంచి వచ్చే బస్సుల్లో కొన్ని ఊళ్లోకి రాకుండా హైవే మీదే పోతాయి. అందుకే నలుగురం ఆటో ఎక్కి హైవే మీదికి పోయాం. మూడో బస్సు ఆగింది. సీట్లు లేవు. అమకతాడు టోల్‌గేట్ దాకా ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతిలో క్యారియర్ ఒరగకుండా నిలబడ్డాను. చారు అప్పటికే మూత పక్కనుంచి కారి చీర కుచ్చిళ్లు తడిపింది. సీజన్ టికెట్టు బస్సులో చెల్లదు. రైలు రాలేదని దాని గడువూ పెరగదు. అందుకే నెల మొదట్లోనే నాలుగు రోజుల బస్సు ఛార్జీ పక్కన పెట్టుకుంటాను.

సాయంత్రం కర్నూలు స్టేషన్లో గుంతకల్లు బండి 'పాక్షికంగా రద్దు' అన్నారు. ఆ మాట వినగానే సగం మంది బస్టాండుకు పరుగు తీశారు. రద్దు ఎక్కడి నుంచి ఎక్కడికో చూడాలి కదా! ఫోన్లో చూస్తే డోన్ నుంచి గుంతకల్లు మధ్యనే రద్దు. అంటే మా ఊరిదాకా బండి వస్తుంది. నేను కదల్లేదు.

గుత్తికి పోవాల్సిన కాలేజీ పిల్ల ఒకతి బెంచీ మీద ఏడుపు మొహంతో కూర్చుంది. "నాతోపాటు డోన్‌దాకా రా, అక్కడ గుత్తి బస్సు ఎక్కిస్తా" అన్నాను. చీకటి పడ్డాక దిగి, ఇద్దరం డోన్ బస్టాండుకు నడిచాం. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది ఆమెకు. "అక్కా, గుత్తిలో దిగి ఫోన్ చేస్తా" అంది. నేను అన్నం తింటుండగా ఫోన్ వచ్చింది.