గోడౌట్

1998 ఏప్రిల్‌లో షార్జాలో సచిన్ 22న 143, మళ్లీ 24న తన పుట్టినరోజు నాడే 134 కొట్టాడు. ఆ వారమే గుంటూరు బ్రాడీపేటలో మా లైను పిల్లలందరికీ ఒకే కోరిక పుట్టింది. మనకీ జెర్సీలు కావాలి, వాటి మీద టీము పేరుండాలి. అప్పుడే తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఉన్నాం. సెలవుల్లో టెన్నిస్ బంతి టోర్నమెంటు ఒకటి ఉంది. ఎంట్రీ ఫీజుతో పాటు పేరు కూడా ఇవ్వాలి.

మొదట అనుకున్న పేరు 'బ్రాడీపేట ఫ్రెండ్స్ క్రికెట్ టీమ్'. పెళ్లిపత్రికలూ గుడ్డసంచులూ ప్రింట్ చేసే షాపుకి వెళ్లాం. స్క్రీన్ ఒక్కసారి చేయిస్తే చాలు, అక్షరాలు ఎన్నయినా రేటు ఒకటే అన్నాడు ఆయన. ఇక పేరు ఎంత పొడుగైతే అంత లాభం అనిపించింది మాకు. ఆయన మాత్రం ఒక పాత బనీను గుడ్డ తీసి, ముందు దాని మీద కొట్టి చూపించాడు.

పిల్లల చొక్కా మీద, చంకకీ చంకకీ మధ్య, పేరు పట్టే చోటు పది అంగుళాలకు మించదు. పేరంతా ఒకే వరసలో పెడితే అక్షరం ముప్పావు అంగుళం కూడా రాలేదు. దానికి తోడు 'బ్రా'కీ 'ఫ్రె'కీ 'క్రి'కీ ఉన్న రావత్తు కిందికి దిగుతుంది కాబట్టి, దానికి చోటివ్వడానికి పై అక్షరాన్ని ఇంకా కుదించాలి. స్క్రీన్ జాలీలోంచి రంగు దిగేసరికి ఆ సన్నటి సందులన్నీ పూడిపోయాయి. "బాబూ, పది అడుగులు వెనక్కెళ్లి చదువు" అన్నాడాయన. వెళ్లాను. ఒక నల్లటి గీత తప్ప ఏమీ కనపడలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని మళ్లీ మొదలెట్టాం. పొట్టిగా ఉండాలి, వత్తులు ఉండకూడదు, వినగానే నవ్వు రావాలి. ఒకడు 'బోండాలు' అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. మా వికెట్ కీపర్ కొంచెం లావు. వాడూ నవ్వాడు గానీ, మా అందరికంటే ఆలస్యంగా నవ్వాడు. చేతిలో బంతిని తిప్పుతూ కిందికి చూస్తున్నాడు. "వద్దులే, ఇంకోటి చూద్దాం" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సంతోషమే. మ్యాచ్ మ్యాచ్‌కీ మైకులో పిలిచే పేరు అది. ఒకడిని చూసి నవ్వుకునేది పెట్టుకుంటే వాడు ఆ చొక్కా ఎలా తొడుక్కుంటాడు?

నవ్వు వచ్చేది మా అందరికీ ఉమ్మడిగా ఏముందా అని వెతికాం. ఎదురుగా గోడ కనపడింది. మా సందులో లెగ్ సైడంతా ఒక మామ్మగారి ప్రహరీయే. బంతి నేరుగా గోడ దాటితే సిక్సు కాదు, ఔట్. కొట్టినవాడే వెళ్లి మామ్మగారిని బతిమాలి తెచ్చుకోవాలి. ఆ రూల్ వల్లే మేమంతా బంతిని నేల మీదే కొట్టడం నేర్చుకున్నాం. రోజుకి ఇరవైసార్లు అరిచే మాట "గోడ! ఔట్!" దాన్ని మా వికెట్ కీపరే కలిపేశాడు. "గోడౌట్ అని పెడదాంరా!"

షాపాయన వినగానే నవ్వాడు. అక్షరాలు మూడే, కిందికి వేలాడే వత్తు ఒక్కటీ లేదు, ఒక్కో అక్షరం మూడు అంగుళాలు వచ్చింది. కాలరు చొక్కాలు వద్దని, బొత్తాల పట్టీ దగ్గర 'డౌ' రెండుగా విడిపోతుందని, గుండ్రటి మెడ బనీన్లు తెమ్మన్నాడు. పేరు ఛాతీ మీదే వేశాడు. పొట్ట మీదికి దిగితే వంగినప్పుడల్లా మడత పడి చదవడం కుదరదట. ఒకరోజు ఆరనివ్వాలి, తిరగేసి ఇస్త్రీ చేయాలి, ఆ తర్వాతే ఉతకాలి అని మరీ మరీ చెప్పాడు. మాలో ఒకడి చొక్కాని వాళ్లమ్మ అదే రాత్రి సర్ఫులో నానబెట్టేసింది. పొద్దునకి 'ట్' మీది గీత లేచిపోయింది. టోర్నమెంటు అంతా వాడు 'గోడౌట' గానే ఆడాడు.

మైకాయన మొదటిసారి "గోడౌట్ బ్యాటింగ్" అనగానే గ్రౌండంతా గొల్లుమంది. అవతలి టీము పిల్లలు కూడా ఆ పేరు పెట్టి మమ్మల్ని పిలిచారు. రెండో మ్యాచ్‌లో ఓడిపోయాం. అప్పుడు ఆయన "గోడౌట్ ఆలౌట్" అంటే మాకూ నవ్వొచ్చింది. ఓడిన రోజు విన్నా బాగుందంటే ఇక ఆ పేరు మార్చే పని లేదనుకున్నాం.

జూన్‌లో బడి తెరిచాక డ్రిల్లు పీరియడ్‌లో ఆ బనీనే వేసుకున్నాను. తెలుగు మాస్టారు వరండాలో ఆపి చదివారు. "విడదీసి చెప్పు" అన్నారు. గోడ, ఔట్ అన్నాను. "ఏం సంధి?" నోరు పెగల్లేదు. ఆ మధ్యాహ్నం క్లాసులో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు: గోడ + ఔట్ = గోడౌట్, అత్వ సంధి. మా వికెట్ కీపర్ వెనక బెంచీలోంచి లేచి, "ఆ పేరు నేనే పెట్టానండీ" అన్నాడు.