మా పుస్తకాల గ్రూపులో మళ్లీ మాటలు మొదలయ్యాయి

గ్రూపులో పద్నాలుగు మందిమి ఉన్నాం. మొన్నటిదాకా మాట్లాడేది ముగ్గురే, అందులో నేనొకదాన్ని.

తప్పు నాదే. 320 పేజీల నవల ఇచ్చి, నెల గడువు అని చెప్పి ఊరుకున్నాను. నెలాఖరుకి సగం మంది 60వ పేజీ దాటలేదు. వెనకబడ్డామని ఎవరూ చెప్పరు కదా, మెల్లగా మాయమైపోతారు. మెసేజ్ చూసినట్టు టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు.

ఈసారి అదే నవలను నాలుగు భాగాలు చేశాను. వారానికి 80 పేజీలు అనుకున్నా, లెక్క కోసం మధ్యలో తెంచకుండా అధ్యాయం ముగిసేచోటే ఆపాను. రెండో భాగం తర్వాత ఒక వారం ఖాళీ. ఆ వారంలో ఐదుగురు అందుకున్నారు.

అసలు మార్పు ప్రశ్నల్లో వచ్చింది. "ఈ భాగం ఎలా అనిపించింది?" అంటే ఒక బొటనవేలి బొమ్మ వచ్చేది, అంతే. పోయిన ఆదివారం ఇలా అడిగాను: "తమ్ముడి ఉత్తరాన్ని అక్క ఇంట్లో ఎవరికీ చూపించకుండా దాచేసింది. మీరైతే ఏం చేసేవాళ్లు?" రాత్రిలోగా తొమ్మిది జవాబులు! ఎప్పుడూ నోరు విప్పని ఒకావిడ "నేను నిజంగానే ఒకటి దాచాను" అని రాసింది. ఇక పుస్తకం పక్కకెళ్లిపోయింది, పోనీలెండి.

నా జవాబు మాత్రం చివర్లోనే పెడుతున్నాను. ముందే పెడితే అందరూ "అవును, నేనూ అంతే" అనేసి తప్పుకుంటారు. ప్రశ్న పైన "12వ అధ్యాయం వరకే" అని కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఒకరు ఉత్సాహంలో ముగింపు చెప్పేశారు.

చివరి భాగానికి ప్రశ్న ఇంకా తట్టలేదు.