నీళ్ల గిన్నె ముందే చెప్పింది

మా కుక్క గౌరి కుట్లు నాకకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు తొడుక్కుని, గోడలకు తగులుకుంటూ తిరుగుతోంది. మొన్న రాత్రి దానికి గర్భసంచి తీసేశారు.

దానికి ఎనిమిదేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. ఎద ముగిసి ఆరు వారాలైంది. నాలుగు రోజులుగా నీళ్ల గిన్నె మాటిమాటికీ ఖాళీ అవుతుంటే ఎండల వల్లేమో అనుకున్నాను. రాత్రుళ్లు మూత్రానికి లేపేది. తర్వాత తిండి మానేసింది, వాంతి చేసుకుంది, పొట్ట బిగుసుకుంది. చీము, రక్తం ఏమీ కారలేదు, అందుకే ధైర్యంగా ఉన్నాను. ఆ ధైర్యమే తప్పట.

ఎద తర్వాత దాదాపు రెండు నెలలు ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉంటుందని, దానివల్ల గర్భసంచి లోపలి పొర మందమై ద్రవం ఊరుతుందని డాక్టరు చెప్పారు. గర్భం వచ్చినా రాకపోయినా ఇదే జరుగుతుంది. ఎద సమయంలో లోపలికి చేరిన బాక్టీరియా అందులో పెరిగి చీము పడుతుంది. గర్భాశయ ముఖద్వారం తెరిచి ఉంటే అది బయటికి కారి మనకు కనిపిస్తుంది. మూసుకుపోతే లోపలే నిండుతుంది. ఆ విషాలు మూత్రపిండాల పనిని దెబ్బతీయడం వల్లే అంత దాహం.

"యాంటీబయాటిక్స్‌తో తగ్గదా?" అని అడిగాను. చీము సంచి లోపలే ఉండగా మందు ఒక్కటే చాలదని, సంచి చిట్లితే బతకడం కష్టమని అన్నారు. స్కానింగులో లావెక్కిన గొట్టాల్లా కనిపించింది. సెలైన్ ఎక్కించి, అదే రాత్రి అండాశయాలతో సహా తీసేశారు.

ఈ ఉదయం గిన్నెలో నీళ్లు సగం మిగిలాయి.