పాత ధర చందా ఆపాలా, వద్దా: నేను వేసుకున్న లెక్క

సంగీత సాధన కోసం నేను వాడే యాప్‌కు నెలకు 149 రూపాయలు కడుతున్నాను. నేను చేరినప్పటి ధర అది. తర్వాత కొత్తగా చేరేవారికి 299 చేశారు. అప్పటికే చందా కడుతున్న మాకు మాత్రం పాత ధరే కొనసాగించారు. నవంబరులో మా ఇంట్లో పరిస్థితి మారింది. మా అమ్మాయి పదో తరగతి, మార్చిలో పరీక్షలు. నేను పాడుకునే సాయంత్రం వేళే తను చదువుకునే వేళ. ఉన్నవి రెండే గదులు. పరీక్షలు అయ్యేదాకా సాధన పక్కన పెడదామని నిర్ణయించుకున్నాను. మరి వాడని నెలలకు డబ్బు కట్టడం ఎందుకు? ఇప్పుడు ఆపేసి, ఏప్రిల్‌లో మళ్లీ చేరితే పోలేదా అనిపించింది.

అలా చేస్తే ఏమవుతుందో మా చెల్లెలి విషయంలో అప్పటికే చూశాను. తనదీ అదే యాప్, అదే 149. జూన్‌లో చందా ఆపి, సెప్టెంబరులో మళ్లీ చేరబోతే 299 చూపించింది. పాత చందాదారునే కదా, పాత ధర ఇవ్వండి అని కంపెనీకి రాసింది. ఒకసారి ముగిసిపోయిన చందాను పాత ధరకు తెరవలేమని, కావాలంటే ఒక నెలకు తగ్గింపు కూపన్ ఇస్తామని జవాబు వచ్చింది. "అక్కా, అదే ఫోను, అదే మెయిల్ ఐడీ, అదే నేను. కొత్తదాన్ని ఎలా అయ్యాను?" అని చెల్లెలు చాలా బాధపడింది.

తన బాధ న్యాయమైనదే. కాకపోతే ఆ పాత ధర మనిషికి ఇచ్చింది కాదు, నడుస్తున్న ఆ ఒక్క కొనుగోలుకు ఇచ్చింది. గూగుల్ ప్లేలో ఒక యాప్ తన చందా ధర పెంచినప్పుడు, అప్పటికే నడుస్తున్న చందాలను పాత ధర మీదే ఉంచే వీలు ఆ కంపెనీకి ఉంటుంది. ఆ చందా తెగకుండా నడిచినంత కాలం, కంపెనీ మార్చనంత కాలం, పాత ధర వర్తిస్తుంది. గడువు తీరి చందా ముగిస్తే ఆ కొనుగోలు అక్కడితో అయిపోయినట్టే. మళ్లీ చేరితే అది కొత్త కొనుగోలు, ఆ రోజు ఉన్న ధరే దానికి వర్తిస్తుంది. నెలవారీ నుంచి ఏడాది ప్లానుకు మారినా కొత్త ప్లానుకు ఉన్న ఇప్పటి ధరే పడుతుంది. ఫోను మార్చుకుంటే మాత్రం ఏమీ కాదు, ఎందుకంటే చందా ఉండేది గూగుల్ ఖాతాలో.

అందుకని నేను ముందుగా చేసింది, ఇప్పుడు అసలు ధర ఎంతో చూసుకోవడం. నా ఫోనులో యాప్ తెరిస్తే నా 149 మాత్రమే కనిపిస్తుంది. ఆ యాప్‌లో ఎప్పుడూ చేరని మా అమ్మ ఫోనులో దాన్ని దించుకుని, చందా పేజీ దాకా వెళ్లి చూశాను. 299 అలాగే ఉంది. డబ్బు కట్టే బటన్ నొక్కకుండా వెనక్కి వచ్చేశాను. ఎప్పుడో ఎవరో చెప్పిన అంకెను పట్టుకుని లెక్క వేయడం నాకు ఇష్టం లేదు.

ఇక లెక్క. నాకు ప్రతి నెలా 8వ తేదీన డబ్బు కట్ అవుతుంది. నవంబరుది అప్పటికే కట్టేశాను. డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు నెలలు మానేస్తే మిగిలేది 596 రూపాయలు. ఏప్రిల్‌లో తిరిగి చేరితే నెలకు 150 ఎక్కువ కట్టాలి. అంటే ఏప్రిల్, మే, జూన్, జూలై, ఈ నాలుగు నెలల్లోనే మిగిలిన డబ్బంతా తిరిగి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ప్రతి నెలా నష్టమే. ఏప్రిల్ నుంచి ఏడాది పాటు కొనసాగిస్తే 1,800 అదనంగా కట్టి 596 మిగుల్చుకున్నదాన్ని అవుతాను. కొత్త ధర పాతదానికి దాదాపు రెట్టింపు ఉన్నప్పుడు నోటి లెక్క సులభం: ఎన్ని నెలలు మానేస్తే, తిరిగొచ్చాక అన్ని నెలలకు ఆ ఆదా హరించుకుపోతుంది. నేను ఏప్రిల్ తర్వాత నాలుగు నెలలకు మించి పాడతానా? తప్పకుండా పాడతాను. ఆ మాట ధైర్యంగా చెప్పగలిగాను కాబట్టి ఆపేయడం నాకు లాభం కాదని తేలింది.

అయినా నాలుగు నెలల డబ్బు ఊరికే కట్టబుద్ధి కాలేదు. గూగుల్ ప్లేలో నా బొమ్మ మీద నొక్కి, Payments & subscriptions లోకి, అక్కడి నుంచి Subscriptions లోకి వెళ్లి ఆ యాప్ తెరిచాను. రద్దు చేసే బటన్‌తో పాటు, చెల్లింపులను కొంతకాలం నిలిపే Pause payments అన్న అవకాశం కూడా కనిపించింది. ఇది అన్ని యాప్‌లకూ ఉండదు, కంపెనీ అనుమతిస్తేనే ఉంటుంది. గరిష్ఠంగా మూడు నెలలు ఇస్తారు. నొక్కిన వెంటనే ఆగదు, కట్టిన నెల పూర్తయ్యాక ఆగుతుంది. ఆగిన కాలంలో పాఠాలు తెరుచుకోవు. గడువు అయ్యాక చందా దానంతట అదే మొదలై డబ్బు కట్ అవుతుంది.

నొక్కే ముందు కంపెనీకి ఒక మెయిల్ రాశాను. చెల్లెలి అనుభవం చూశాక అడగకుండా ముందుకు వెళ్లాలనిపించలేదు. మూడు విషయాలు అడిగాను. చెల్లింపులు నిలిపి తిరిగి మొదలైతే 149 ఉంటుందా? నేను దాచుకున్న పాఠాలు, రికార్డింగులు ఉంటాయా? పాత ధర ఎప్పటిదాకా ఉంటుంది? మొదటి రెండింటికీ ఉంటాయనే జవాబు వచ్చింది. మూడోదానికి, ఇప్పటికైతే మార్చే ఆలోచన లేదని, మారిస్తే ముందుగా తెలియజేస్తామని రాశారు. శాశ్వతమని మాట ఇవ్వలేదు. అందుకే నా లెక్కను ఏడాదికి మించి సాగదీయలేదు. అయిదేళ్లలో ఎంత మిగులుతుందో అని లెక్క వేసుకుంటే అది గాలిలో మేడే. ఆ జవాబును తొలగించకుండా భద్రపరుచుకున్నాను.

డిసెంబరు 8 నుంచి మూడు నెలలు నిలిపాను. మార్చి 8న చందా మొదలవుతుంది, అప్పటికి పరీక్షలు పూర్తి కావు. అంటే వాడకుండా కట్టేది మార్చి నెల ఒక్కటే, 149 రూపాయలు. పూర్తిగా ఆపేసిన దారితో పోలిస్తే నాకు పడే అదనపు ఖర్చు అంతే. ఏప్రిల్‌లో తిరిగి పాడటం మొదలుపెట్టిన మొదటి నెలలోనే ఆ తేడా తీరిపోతుంది.

ఒకవేళ నిలిపే అవకాశం లేకపోతే ఏం చేసేదాన్నో కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది గాభరా పడతారు. Cancel subscription నొక్కగానే పాత ధర పోదు. రద్దు అంటే వచ్చే నెల డబ్బు తీసుకోవద్దని చెప్పడం మాత్రమే. కట్టిన గడువు తీరేదాకా చందా బతికే ఉంటుంది, ఈలోగా మనసు మారితే అదే పేజీలో Resubscribe నొక్కి పాత ధరకే కొనసాగించవచ్చు. చిక్కు ఏమిటంటే ఆ బటన్ గడువు తీరాక కూడా కనిపిస్తుంది. అప్పుడు నొక్కితే కొత్త ధర పడుతుంది. కాబట్టి నొక్కాక కింద నుంచి వచ్చే చెల్లింపు పెట్టెలో ఎంత రాసి ఉందో చూసి మరీ ఒప్పుకోవాలి. ఆపాలనుకునేవారు డబ్బు కట్ అయిన మర్నాడే ఆపడం మేలు. నెలంతా వాడుకోవచ్చు, ఆలోచించుకోవడానికీ నెల సమయం ఉంటుంది. ఆఖరి రోజు దాకా ఆగితే ఆ వ్యవధి ఉండదు.

యూపీఐ ఆటోపే సంగతి వేరు. చెల్లింపులు నిలిపాం కదా, ఇక్కడ కూడా తీసేద్దామని ఫోనులోని యూపీఐ యాప్‌లో ఆటోపే అనుమతిని రద్దు చేయకూడదు. అలా చేస్తే తిరిగి మొదలయ్యే రోజున డబ్బు అందదు. సరిచేసుకోవడానికి కొంత వ్యవధి ఇస్తారు కానీ, అది దాటితే చందా ముగిసిపోతుంది, దానితో పాటు పాత ధర కూడా. ఆ అనుమతిలో చందా ధర కన్నా పెద్ద మొత్తం కనిపించవచ్చు. అది గరిష్ఠ పరిమితి, మన ధర పెరిగిందని కాదు. ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ సందేశంలో రాసి ఉన్న అంకెనే నేను నమ్ముతాను.

ఇదే లెక్క మావారి వ్యాయామం యాప్‌కు వేస్తే ఫలితం తారుమారైంది. ఆయనది పాత ధర 99, కొత్తది 199. పాత ధర పోతుందన్న ఒక్క కారణంతోనే ఆయన దాన్ని అంటిపెట్టుకుని ఉన్నారు. యాప్‌లోని చరిత్ర తెరిచి చూస్తే, నడకకు వెళ్లలేని వానాకాలంలో నాలుగు నెలలు తప్ప వాడింది లేదు. ఏడాదంతా 99 చొప్పున కడితే 1,188. వాడే నాలుగు నెలలకు మాత్రం 199 చొప్పున కడితే 796. ఆ ధరలకు ఏడాదిలో ఆరు నెలలైనా వాడితేనే పాత చందా కొనసాగించడం నయం. ఆయన చందా రద్దు చేశారు, తిరిగి జూన్‌లో చేరతారు. వాడని నెలకు కట్టే 99 రూపాయలను చవక అనడం నాకు ఒప్పుదల కాదు.

మార్చి 7న నా ఫోనుకు సందేశం వచ్చింది: మర్నాడు 149 రూపాయలు కట్ అవుతాయని. 8న అంతే కట్ అయింది. చందా పేజీలో తర్వాతి చెల్లింపు ఏప్రిల్ 8 అని, మొత్తం 149 అని కనిపించింది. చెల్లెలికి చూపిస్తే, తనకు ఆ అవకాశం ఎలాగూ పోయింది కాబట్టి ఇక కాపాడుకోవాల్సింది కూడా ఏమీ లేదంది. అది నిజం. 299 కట్టే మనిషి ఎప్పుడు ఆపినా, ఎప్పుడు చేరినా పోగొట్టుకునేదేమీ లేదు. ఊరికి వెళ్లే నెలల్లో తను చందా ఆపేసి, తిరిగొచ్చాక చేరుతోంది.