పక్క బృందం దగ్గర ఆగిన పని

విశాఖలో రుషికొండ వైపున్న మా ఆఫీసులో కంటైనర్ల రాకపోకలు చూపించే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాం. కంటైనర్ పోర్టు గేటు దాటిన సమయాన్ని ఏజెంట్లకు తెరమీద చూపించే పని నాకు వచ్చింది. ఆ సమయం డేటా బృందం ఏపీఐలో రావాలి. వాళ్లేమో డేటాబేస్ మార్పిడిలో తలమునకలై ఉన్నారు.

నా టికెట్‌ను Blocked లో పెట్టి, వాళ్ల టికెట్‌కు "is blocked by" లంకె వేశాను. లంకె ఒక్కటే ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే నాకు కావలసింది ఏమిటి, ఏ తేదీలోగా, అది రాకపోతే ఏది ఆగుతుంది, మళ్లీ ఏ రోజు అడుగుతాను అన్నవి కింద రాశాను. చెప్పిన రోజు దాకా మళ్లీ కదపలేదు.

అప్పటికి నాకు నిజంగా కావలసింది డేటా కాదు, దాని రూపం. అందుకని "ఎంతవరకు వచ్చింది?" అని అడగకుండా, నమూనా ఒకటి రాసి పంపాను:

```json
{
  "gate_out_time": "2025-03-04T18:45:00Z"
}
```

"చివర Z ఉంటుందా, లేక భారత కాలమానం పంపుతారా? ఇంకా గేటు దాటని కంటైనర్‌కు null వస్తుందా?" అని అడిగాను. Z అంటే యూటీసీ. మనం దానికి అయిదున్నర గంటలు ముందుంటాం కనుక, ఆ కంటైనర్ మన లెక్కలో మార్చి 5న, అర్ధరాత్రి దాటిన పావుగంటకు బయటికి వెళ్లినట్టు. ఇది తేలకపోతే ఏజెంటుకు తప్పు తేదీ కనిపిస్తుంది. డేటా బృందంలోని మేడమ్ ఆ రోజే జవాబిచ్చారు: "Z ఉంటుందండీ, దాటకపోతే null." రెండు మాటల్లో చెప్పగలిగే ప్రశ్నకు ఎంత పనిలో ఉన్నవాళ్లయినా జవాబిస్తారని నా నమ్మకం. ఆ జవాబును టికెట్‌లోకి ఎక్కించి, నకిలీ డేటాతో తెర మొత్తం కట్టేశాను. మిగిలింది అసలు ఏపీఐకి కలపడమే.

అడుగుతానన్న రోజున టికెట్‌లోనే రాశాను: "మంగళవారం అన్న తేదీ అలాగే ఉందా అండీ? మారితే టెస్టింగ్ వాళ్లను వేరే పనికి మళ్లిస్తాను." మార్పిడి ఇంకో వారం పడుతుందన్నారు. ఇక అది మా ఇద్దరి చేతుల్లో లేని విషయం. "రెండు బృందాల మేనేజర్లకు ఇలా రాస్తున్నాను, ఏమైనా తప్పుంటే చెప్పండి" అని ముందు ఆమెకే చూపించాను. మార్పిడిని మధ్యలో ఆపితే వచ్చే చిక్కును ఆమె ఒక వాక్యంలో చేర్చారు. నేను రాసినదానికంటే అదే మేనేజర్లకు ఎక్కువ ఉపయోగపడింది.

గేటు సమయం చూపించే గడిని దాచి మిగతా తెర విడుదల చేయమని మేనేజర్లు అన్నారు. వారం తరువాత ఏపీఐ వచ్చాక, ముందుగా అర్ధరాత్రి దాటాక వెళ్లిన కంటైనర్లనే వెతికి చూశాను. తేదీలు సరిగ్గా ఉన్నాయి. లంకె తీసేసి, గడిని తెరిచాం.