జింక్ పీక్‌లకు సూచికలు వేయడం: నా అనుభవం

ఎక్స్-రే వివర్తనంలో వచ్చే ఒక్కో పీక్ ఏ స్ఫటిక తలానిదో చెప్పే h, k, l అంకెలు వేయాలి. రాగి లాంటి క్యూబిక్ లోహమైతే ఆ పని తొందరగా తెమిలిపోతుంది. రాగి ట్యూబు ఎక్స్-రేతో (λ = 1.5406 ఆంగ్‌స్ట్రామ్) రాగి పొడి పీక్‌లు 2θ = 43.30°, 50.43°, 74.13° దగ్గర వస్తాయి. కోణాన్ని సగం చేసి sin²θ తీస్తే వాటి నిష్పత్తి 3:4:8. అంటే తలాలు (111), (200), (220). తలాల మధ్య దూరం d = a/√(h²+k²+l²). క్యూబ్ అంచు a = 3.615 కాబట్టి (111)కి 2.087 వస్తుంది.

జింక్ దగ్గర ఈ పద్ధతి పారదు. పీక్‌లు 36.30°, 39.01°, 43.23°, నిష్పత్తులు 1 : 1.15 : 1.40. చిన్న పూర్ణాంకాల్లో ఇమడవు. జింక్ స్ఫటికం షట్కోణ రకం కాబట్టి ఇక్కడ అడుగు భుజం a, ఎత్తు c రెండూ కావాలి:

```
1/d² = (4/3)(h²+hk+k²)/a² + l²/c²
```

ఇలాంటి షట్కోణ స్ఫటికమే ఉన్న మెగ్నీషియంలో పీక్‌ల వరుస (100), (002), (101). అదే వరుస జింక్‌కీ వేసేయడం నేను తరచూ చూసే పొరపాటు. c/a విలువ √3, అంటే 1.732 దాటితే (002) ముందుకొస్తుంది. జింక్‌లో అది 1.856. (001) ఎటూ కనిపించదు, c ఎత్తులో సగం దగ్గర ఉండే పరమాణు పొర దాన్ని రద్దు చేస్తుంది.

ఏ వరుస సరైనదో మూడో పీక్ చెబుతుంది. మొదటి రెండు పీక్‌ల d విలువలు 2.473, 2.307. మొదటిది (100) అనుకుంటే a = 2d/√3 = 2.856, c = 2 × 2.307 = 4.614. దాంతో (101) 41.4° దగ్గర రావాలి. అక్కడ పీకే లేదు. మొదటిది (002), రెండోది (100) అని తిప్పి వేస్తే a = 2.664, c = 4.946, (101) 43.23° దగ్గర పడుతుంది, కొలిచింది కూడా అదే. నేనైతే ఈ సరిచూపు లేకుండా a, c రాయను.

సూత్రంలో చాలామంది చేతిలోంచి జారిపోయేది hk. క్యూబిక్ అలవాటు మరి! అడుగు తలంలో 120° కోణంలో ఉండే a₁, a₂ అక్షాల్లో a₁ని 1 దగ్గర, a₂ని −1/2 దగ్గర కోసి, cకి సమాంతరంగా ఉండే తలాన్ని తీసుకోండి. విలోమాలు 1, −2, 0. కాబట్టి అది (1 −2 0). చూడ్డానికి (110)తో పోలికే లేదు. కానీ h²+hk+k² రెండింటికీ 3 వస్తుంది, d కూడా ఒక్కటే: a/2 = 1.332. hk వదిలేస్తే ఒకదానికి 5, ఇంకోదానికి 2. షట్కోణాన్ని 60° తిప్పితే ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునే తలాలకు రెండు దూరాలు ఉండవు కదా.

అందుకే i = −(h+k) అని మూడో స్థానంలో ఇంకో అంకె చేరుస్తాం. (110) కాస్తా (1 1 −2 0), (1 −2 0) కాస్తా (1 −2 1 0) అవుతాయి. మొదటి మూడు అంకెలు స్థానాలు, గుర్తులు మారినా అవే అంకెలు కాబట్టి ఒకే కుటుంబమని కంటితోనే పట్టేయొచ్చు. d లెక్కలో మాత్రం iని వాడక్కర్లేదు. h, k, l చాలు.