మేనకోడలికి ఇచ్చిన గొలుసు: ఆ రోజు విలువ రాయడం, ఆ విలువ పనికొచ్చే చోటు

పర్లాకిమిడిలో నేను, ఏరు దాటితే పాతపట్నంలో మా చెల్లెలి కూతురు. ఆమెకు మొన్న ఒక గొలుసు ఇచ్చాను. ఇవ్వడం ఒక్క నిమిషం పని. ఇచ్చినట్టు కాగితం సరిగ్గా రాయడానికే రెండు వారాలు పట్టింది. ఎక్కువ తిప్పలు తూకం దగ్గరే వచ్చాయి, అందుకని అక్కడి నుంచే చెప్తాను.

గొలుసు 2012లో ఇక్కడే కొన్నది. బిల్లులో బరువు "2 భరి 12 అణా" అని ఉంది. ఒడిశా కొట్లలో పాత బిల్లులు చాలా ఇలాగే ఉంటాయి. భరి అంటే 11.664 గ్రాములు, అందులో పదహారో వంతు అణా. లెక్క కడితే 32.08 గ్రాములు. దాన్నే పాతపట్నంలో ఎవరైనా "రెండు ముప్పావు తులాలు" అని చదివి, ఇప్పటి అలవాటు ప్రకారం తులానికి 10 గ్రాములు వేసుకుంటే 27.5 గ్రాములే అవుతుంది. నాలుగున్నర గ్రాములు కాగితం మీదే మాయం. అందుకని కాగితంలో భరి, తులం, కాసు ఏవీ వద్దు, గ్రాములే రాయండి. బిల్లులో ఉన్న మాటను పక్కన ఒకసారి చూపిస్తే చాలు, రెండూ ఒకే వస్తువని తెలుస్తుంది.

రెండో తిరకాసు, మొత్తం బరువా, నికర బరువా అన్నది. మా గొలుసుకు రాళ్ల లాకెట్ ఉంది. తక్కెడ మీద 34.20 గ్రాములు చూపించింది, రాళ్లూ లక్కా పోను బంగారం 32.08. రెండు అంకెలూ రాయాలి. మొత్తం బరువు వస్తువును గుర్తుపట్టడానికి, నికర బరువు విలువ కట్టడానికి.

ఇక మచ్చు, అంటే బంగారం స్వచ్ఛత. 2012 నాటి వస్తువు కాబట్టి దాని మీద హెచ్‌యూఐడీ అనే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు నంబరు లేదు. కొట్లో అమ్మే హాల్‌మార్క్ నగలకు అది తప్పనిసరి అయింది 2023 ఏప్రిల్ 1 నుంచి. మీ వస్తువు మీద ఆ నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసి, కాగితంలో ఎక్కించండి. లేకపోతే కేరట్ మీటర్ పరీక్ష చేయించాలి. ఆ యంత్రం పైపొరను మాత్రమే చదువుతుంది. కొత్తగా మెరుగు పెట్టించిన నగను పెడితే ఎక్కువ చూపిస్తుంది, టాంకా, అంటే అతుకు ఉన్న చోట పెడితే తక్కువ చూపిస్తుంది. నేను మూడు చోట్ల పెట్టించి సగటు తీసుకున్నాను: 89 శాతం. బిల్లులో 22 కేరట్లు, అంటే 91.6 అని ఉంది. విలువ కట్టడానికి పరీక్షలో వచ్చిన అంకెనే వాడాను.

32.08లో 89 శాతం అంటే 28.55 గ్రాముల మేలిమి. లెక్క తేలికగా ఉండడానికి ఆ రోజు మేలిమి గ్రాము 10,000 రూపాయలు అనుకోండి. విలువ 2,85,500. ఇందులో తరుగు, మజూరీ, జీఎస్టీ కలపకూడదు. "ఇదే గొలుసు ఇప్పుడు చేయిస్తే ఎంత" అని అడిగితే కొట్టువాళ్లు అన్నీ వేసి చెప్తారు, అది కొనేవాడి ధర. మనం రాయాల్సింది ఆ వస్తువు ఆ రోజు బజారులో అమ్మితే ఎంత పలుకుతుందన్నది. ఏ రేటు తీసుకున్నామో, ఏ పూట రేటో కూడా రాసి, దాని ప్రింటు జత చేయాలి. పొద్దుటికీ సాయంత్రానికీ రేటు మారుతుంది కదా.

కాగితం మాటలకొస్తే, మొదట రాయించిన చిత్తులో "ఈ పత్రం ద్వారా ఇస్తున్నాను" అని ఉంది. అది తీసేయించాను. బంగారం లాంటి చరాస్తిని చేతికి అందించి, తీసుకునేవారు ఒప్పుకుంటే దానం పూర్తయినట్టే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. "ఈ పత్రం ద్వారా" అని రాస్తే కాగితమే దానపత్రమైపోయి స్టాంపు సుంకం గొడవలోకి లాగుతుంది. "ఫలానా తేదీన ఫలానా వస్తువును స్వయంగా అందించాను, ఆమె స్వీకరించింది, జరిగినదానికి గుర్తుగా ఇది రాసుకున్నాం" అన్నది సరైన వాక్యం. కింద ఇద్దరి పాన్ నంబర్లు, చుట్టరికం, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఆమె "స్వీకరించాను" అని సంతకం చేయడం మరిచిపోవద్దు. చాలా కాగితాల్లో లేనిది అదే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ 2,85,500 మా మేనకోడలికి కొన్న ధర కాదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. దగ్గరి బంధువు నుంచి పన్ను లేకుండా వచ్చిన బంగారానికి, ఇచ్చినవాడు కొన్న ధరే తీసుకున్నవారికి కొన్న ధర అవుతుంది. మా బిల్లు మజూరీ, పన్నుతో కలిపి 98,000. రేపు ఆమె ఆ గొలుసును మేలిమి గ్రాము 12,000 ఉన్నప్పుడు అమ్మితే 3,42,600 వస్తుంది. లాభం 57,100 కాదు, 2,44,600. దాని మీద 12.5 శాతం పన్ను 30,575, సెస్సుతో 31,798. ఒక మేలు మాత్రం ఉంది. నా దగ్గరున్న ఏళ్లు కూడా ఆమె లెక్కలోకి వస్తాయి కాబట్టి, చేతికొచ్చిన ఆరు నెలలకే అమ్మినా అది దీర్ఘకాలిక లాభమే. ఇచ్చినందుకు నాకు పన్నేమీ లేదు.

అంటే గొలుసుతో పాటు 2012 బిల్లు కూడా ఆమె చేతికి వెళ్లాలి. ఇచ్చిన రోజు విలువ ఎంత చక్కగా రాసినా ఆ బిల్లు లేని లోటు తీరదు. 2001 ఏప్రిల్ 1 కంటే ముందు కొన్న అమ్మమ్మల నాటి నగలైతే, కొన్న ధర బదులు ఆ తేదీ నాటి బజారు విలువ తీసుకోవచ్చు. రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో నివేదిక రాయిస్తే సరిపోతుంది.

మరి ఇచ్చిన రోజు విలువ నిజంగా ఎక్కడ పని చేస్తుంది? చట్టం ఒప్పుకోని చుట్టరికంలో. మేనమామ మేనకోడలికి ఇస్తే పన్ను లేదు, ఎందుకంటే తల్లి తోబుట్టువు ఆమెకు బంధువు. అదే గొలుసును ఆమె తిరిగి నాకు ఇస్తే, తోబుట్టువుల పిల్లలు చట్టం రాసుకున్న బంధువుల జాబితాలో లేరు. పెదనాన్న కొడుకూ లేడు, మనం ఎంత "అన్నయ్యా" అని పిలిచినా. అలా వచ్చినవాటి విలువ ఆ ఏడాదిలో మొత్తం 50,000 దాటితే, దాటినంత మేరకు కాదు, మొత్తం 2,85,500 నా ఆదాయంలో కలుస్తుంది. పన్ను కట్టాక అదే నాకు కొన్న ధర అవుతుంది. పెళ్లికూతురికో పెళ్లికొడుక్కో పెళ్లి సందర్భంగా ఎవరిచ్చినా పన్ను లేదు. పెళ్లివారి తల్లిదండ్రుల చేతికి వచ్చినదానికి ఆ మినహాయింపు వర్తించదు.

కోడలికీ, మైనరు పిల్లలకీ ఇచ్చేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఇచ్చేటప్పుడు పన్ను లేదు. కానీ కోడలు అమ్మితే లాభం ఇచ్చిన అత్తమామల లెక్కలోకి, మైనరు పేరున అమ్మితే తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి లెక్కలోకి వస్తుంది. మేనకోడలికి, పెద్దయిన కూతురికి ఈ చిక్కు లేదు.

కవరులో పెట్టినవి: పాత బిల్లు, తూకం చీటీ, కేరట్ మీటర్ చీటీ, రేటు ప్రింటు, లాకెట్ వెనుక వైపు కూడా కనిపించేలా తీసిన ఫొటో, సంతకాల కాగితం. తూకం చీటీ వేడికి ముద్ర పడే కాగితం, రెండేళ్లకు తెల్లబోతుంది. దానికి జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్ మీదే ఇద్దరం సంతకం పెట్టాం.